కీమాలో నీళ్ళ లెక్క: ఎనిమిది అనుభవ పాఠాలు

కీమా వండటం చాలామందికి వచ్చు. కీమా వేయించడం కొద్దిమందికే వచ్చు. మిగతావాళ్ళు మాంసాన్ని దాని నీళ్ళలోనే ఉడకబెట్టి, వేగిందనుకుంటారు. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే బూడిదరంగు నీళ్ళు ఊరి, అందులో మాంసం ముద్దకట్టి కూచుంటే, ఇంకాస్త కారం, ఇంకాస్త గరం మసాలా వేసి సర్దుకుంటారు. లోటు మసాలాలో లేదు, వరుసలో ఉంది. ఏది ముందు వేయాలి, ఏది తర్వాత వేయాలి అన్నదే కీమా వంట.

నేను చెప్పేది హైదరాబాదు ఇళ్ళలో పొద్దుటిపూట కిచిడీ, ఖట్టాల పక్కన పెట్టే పొడి కీమా గురించి. మాంసం అంటే మేక మాంసం. మా ఇంట్లో ఆదివారం పొద్దున ఇదే పలహారం. వండుతూ, పిల్లలకు నేర్పుతూ తెలుసుకున్నవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. నీళ్ళు బయటి నుంచి రావు, మాంసంలోనే ఉన్నాయి

"అమ్మమ్మా, చుక్క నీళ్ళు పోయలేదు, అయినా కీమా నిండా నీళ్ళే" అని మా మనవరాలు ఫోన్ చేస్తుంటుంది. పోయక్కర్లేదు. కొవ్వు తీసేసిన పచ్చి మాంసంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా నీరే ఉంటుంది. వేడి తగలగానే కండ బిగుసుకుంటుంది, తనలోని నీటిని బయటికి తోసేస్తుంది. పెద్ద ముక్కయితే ఆ నీరు మెల్లగా వస్తుంది. కీమాలో కండ అంతా తెగి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా వస్తుంది.

ఆ నీరు గిన్నెలో ఉన్నంతసేపూ మాంసం వేగదు. నీళ్ళు మరిగే వేడి 100 డిగ్రీలు. ఎంత మంట పెట్టినా తడిలో ఉన్న మాంసం అంతకు మించి కాగదు. మాంసం ఎర్రబడి, వేపుడు వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీల దాకా వెళ్ళాలి. నీళ్ళు ఇగిరాక గానీ అది జరగదు. ఇగరడం కూడా అంత తేలిక కాదు. చన్నీళ్ళను మరిగేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగిన నీళ్ళను పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి అయిదు రెట్లకు పైగా వేడి కావాలి. అందుకే గిన్నెలో చేరిన ప్రతి గరిటెడు నీళ్ళూ మన మంటను తినేస్తాయి. కింద చెప్పే పాఠాలన్నీ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తాయి: నీళ్ళు తక్కువ ఊరాలి, ఊరినవి త్వరగా పోవాలి.

2. సగం పని మాంసం దుకాణంలోనే అయిపోవాలి

కొట్టి పెట్టిన కీమా కొనకండి. అది ఏ ముక్కదో, ఎప్పుడు కొట్టిందో తెలియదు. ముక్క చూసి, ఎదురుగా కొట్టించుకోండి. మా కొట్టు దగ్గర మాట ఇలా సాగుతుంది:

"భాయ్, ముందుకాలు మాంసం కొయ్యి. ఎముక, నరాలు తీసెయ్యి. కొవ్వు కొంచెం ఉంచు. మిషన్లో ఒక్కసారే వెయ్యి."

"రెండుసార్లు వేస్తే మెత్తగా వస్తదమ్మా."

"మెత్తగా వద్దు. గరుకుగా కావాలి."

ముందుకాలు, భుజం మాంసంలో కొంత కొవ్వు కలిసి ఉంటుంది, రుచి ఎక్కువ. తొడ మాంసమైనా మంచిదే, కానీ అందులో కొవ్వు తక్కువ. మేక మాంసం అసలే కాస్త పొడి మాంసం. అందుకని అరకిలోకి 50 నుంచి 75 గ్రాముల కొవ్వు కలిపి కొట్టమనాలి. ఆ కొవ్వు పెనంలో కరిగి, కీమాను తన నెయ్యిలోనే వేగనిస్తుంది. కొవ్వు బొత్తిగా లేని కీమా ముందు నీళ్ళు వదిలి, తర్వాత రబ్బరులా గట్టిపడుతుంది.

రెండుసార్లు మిషన్లో వేస్తే మాంసం తెగడం పోయి నలుగుతుంది. మిషన్ కత్తికి పదును లేకపోయినా అంతే. చూసి పోల్చుకోవచ్చు. మంచి కీమాలో ఎర్రటి పోగులు విడివిడిగా కనబడతాయి, మధ్యలో తెల్లటి కొవ్వు చుక్కలు వేరుగా ఉంటాయి. చెడ్డ కీమాలో ఎరుపు, తెలుపు కలిసిపోయి గులాబీరంగు పేస్టులా ఉంటుంది, వేలికి అంటుకుంటుంది. ఆ పేస్టును ఎవరు వండినా ముద్దే అవుతుంది. మొద్దు మీద కత్తితో చేత్తో కొట్టి ఇచ్చేవాళ్ళు దొరికితే, కాసేపు నిలబడైనా అదే తెచ్చుకోండి. పెసరగింజంత పలుకులు వస్తాయి, వాటికి మించి వేగే కీమా లేదు.

3. కడగాలంటే ముక్కగా ఉన్నప్పుడే కడగాలి

మన ఇళ్ళలో మాంసం కడగకుండా వండమంటే ఎవరూ వినరు. సరే, కడగండి, కానీ కీమా కొట్టాక కాదు. కొట్టిన కీమా నీళ్ళలో పడితే ప్రతి పలుకూ నీరు పట్టుకుంటుంది, ఎంత పిండినా పూర్తిగా వదలదు. పైగా రుచి కొంత కొట్టుకుపోతుంది. ముక్కను దుకాణంలోనే కడిగించి, గుడ్డతో తుడిపించి, అప్పుడు కొట్టించండి. మొదట్లో కొట్టువాడు విసుక్కుంటాడు, తర్వాత అలవాటు పడతాడు.

కీమాగా ఇంటికి వచ్చాక కడిగి తీరాల్సిందే అనుకుంటే, సన్న చిల్లుల గిన్నెలో వేసి ఒక్కసారి నీళ్ళు పోసి, గుప్పెడు గుప్పెడుగా మెల్లగా నొక్కి, అరగంట ఫ్రిజ్‌లో వాడ్చండి. కడిగినంత మాత్రాన క్రిములు పోవు. అవి పోయేది ఉడికినప్పుడే. ముక్క పైన ఉండే క్రిములు కొట్టేటప్పుడు కీమా అంతటా కలిసిపోతాయి కాబట్టి, కీమాను తెచ్చిన రోజే వండాలి, లోపల ఎరుపు మిగలకుండా వండాలి.

గడ్డకట్టిన కీమా అయితే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు కండను చీలుస్తాయి, అందుకే కరిగాక ఎర్రనీళ్ళు ఎక్కువ ఊరుతాయి. వాటిని వంపేసి, మాంసాన్ని పొడిగుడ్డతో అద్దాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు గొర్రె కీమా ప్యాకెట్లలో తెచ్చుకుంటారు. దానికీ ఇదే పద్ధతి. ఆ గొర్రె మాంసంలో కొవ్వు ఎక్కువ కాబట్టి నూనె మాత్రం సగానికి తగ్గించుకోవాలి.

4. ఉప్పు ముందు వేయకండి

చాలామంది కీమాలో ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పెరుగు కలిపి గంట నానబెట్టి పొయ్యి మీద పెడతారు. ముక్కల కూరకు అది బాగుంటుంది. పొడి కీమాకు పనికిరాదు.

ఉప్పు రెండు పనులు చేస్తుంది. మాంసంలోంచి నీటిని పైకి లాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, కండలో ఉండే ఒక రకం మాంసకృత్తును కరిగించి జిగురుగా మారుస్తుంది. ఉప్పు వేసి పిసికిన కీమా చేతికి బంకలా తగులుతుంది చూడండి, అదే ఆ జిగురు. వేడికి ఆ జిగురు గట్టిపడి పలుకులన్నిటినీ ఒకదానికొకటి అతికిస్తుంది. కీమా ఉండలకు, సీకు కబాబులకు మనకు కావలసింది అదే. విడిపోకుండా ఉండాలని ఉప్పు వేసి బాగా పిసుకుతాం. పొడి కీమాకు సరిగ్గా దానికి ఎదురు: ఉప్పు వద్దు, పిసకడం వద్దు. గిన్నెలోంచి పెనంలోకి వేసేటప్పుడు కూడా చేత్తో నొక్కకుండా విదిల్చి వేయాలి.

అల్లంవెల్లుల్లి ముద్దలో, పెరుగులో, టమాటాలో, ఉల్లిపాయలో ఉండేది ఎక్కువగా నీరే. ఇవన్నీ కీమా ఎర్రబడ్డాకే లోపలికి రావాలి. ఉల్లిపాయలు ముందే వేయించుకుంటే, తీసి పక్కన పెట్టుకోవాలి. ఉల్లిపాయల మీదే పచ్చి కీమా వేస్తే ఆ తడి, ఈ తడి కలిసి రెండూ ఉడుకుతాయి.

5. వెడల్పు పెనం, పెద్ద మంట, చిన్న వాయి

మన మూకుడు అడుగు గుండ్రంగా ఉంటుంది. కీమా అంతా నడిమికి జారి కుప్ప పడుతుంది. అడుగున ఉన్నది వేగబోతే, పైన ఉన్న దాని నీళ్ళు కారి దాన్ని తడిపేస్తాయి. అందుకని అడుగు చదునుగా, వెడల్పుగా, అంచు ఉన్న బరువైన ఇనుప పెనం మంచిది. 28 సెంటీమీటర్ల అడుగున్న పెనంలో పావుకిలో కీమా పలచగా పరుచుకుంటుంది. ఆవిరి పోవడానికి చోటు ఉంటుంది. అరకిలో అయితే రెండు వాయిలు, కిలో అయితే నాలుగు వాయిలు. "ఇన్ని వాయిలా!" అని అడుగుతారు. కిలో ఒక్కసారే వేసి నీళ్ళు ఇగరబెట్టడానికి పట్టే సమయం ఇంతకంటే తక్కువేమీ కాదు.

నూనె బాగా కాగి, సన్నగా పొగ లేవబోతుండగా కీమా వేయాలి. మూత పెట్టకూడదు. మూత పెడితే పోవలసిన ఆవిరి నీళ్ళై మళ్ళీ పెనంలోనే పడుతుంది. పల్చటి నాన్‌స్టిక్ పెనం దీనికి వద్దు. అది వేడిని పట్టి ఉంచదు, చల్లటి మాంసం పడగానే చల్లారిపోతుంది. అంత పెద్ద మంట దాని పూతకూ మంచిది కాదు.

6. ముందు విడదీయాలి, తర్వాత వదిలేయాలి

కీమాలో గడ్డలు కట్టేది మొదటి నిమిషాల్లోనే. పచ్చిగా ఉన్నప్పుడు గడ్డ మెత్తగా ఉంటుంది, తేలిగ్గా విడిపోతుంది. ఉడికి బిగుసుకున్నాక దాన్ని చితక్కొట్టినా గులకరాళ్ళే మిగులుతాయి. కాబట్టి పెనంలో వేస్తూనే అట్లకాడ అంచుతో కోసి, పలచగా పరచాలి. ఎక్కడైనా గడ్డ మిగిలితే పప్పుగుత్తితో అదమండి. ఇంతకు మించిన పనిముట్టు మార్కెట్లో లేదు.

పరిచాక చేయి తీసేయాలి. చాలామందికి ఇది కష్టం. గరిటె పట్టుకున్న చేయి ఊరుకోదు, కలుపుతూనే ఉంటుంది. కలిపినప్పుడల్లా వేడెక్కిన పలుకు పైకి వెళ్తుంది, చల్లటిది కిందికి వస్తుంది, ఏదీ ఎర్రబడదు. రెండు నిమిషాలు కదపకండి. అడుగున ఎర్రటి పెచ్చు కట్టాక, అట్లకాడతో గీకి తిరగేయండి. కీమాకు రుచి వచ్చేది ఆ పెచ్చు నుంచే. అడుగు అంటుకుందని భయపడి నీళ్ళు చల్లకండి. గోధుమరంగులో ఉన్నంతవరకు అది సొమ్ము. నల్లబడితేనే నష్టం, అప్పుడు మంట తగ్గించండి.

7. చెవితో వినండి

కీమా ఏ దశలో ఉందో కన్ను కంటే చెవి ముందు చెబుతుంది. వేయగానే 'సుయ్' మని గట్టిగా చప్పుడు రావాలి. రాకపోతే పెనం కాగలేదు. నిమిషం, రెండు నిమిషాల్లో ఆ చప్పుడు తగ్గి 'కుతకుత' మొదలైతే నీళ్ళు ఊరాయని అర్థం. అంచుల్లో బూడిదరంగు నురగ, పెద్ద పెద్ద బుడగలు కనబడతాయి. ఆవిరి తెల్లగా, దట్టంగా లేస్తుంది. ఇక్కడ ఓపిక పట్టాలి. మంట తగ్గించకూడదు, మసాలా వేయకూడదు. కొద్దిసేపటికి కుతకుత ఆగి 'చిటచిట' అని సన్నటి చప్పుడు మొదలవుతుంది. బుడగలు చిన్నవవుతాయి, ఆవిరి పలచబడుతుంది, అడుగున నూనె మెరుస్తుంది. అప్పటినుంచే కీమా వేగడం మొదలు. చాలామంది అప్పుడే పొయ్యి కట్టేస్తారు. అక్కడినుంచి ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఆగితే వాసన మారుతుంది, రంగు మారుతుంది.

చికెన్ కీమాకు మాత్రం ఈ లెక్క పూర్తిగా పట్టదు. అందులో కొవ్వు తక్కువ, త్వరగా ఎండిపోతుంది. నీళ్ళు ఇగిరి అక్కడక్కడ రంగు రాగానే ఆపేయాలి. మటన్ అంత ఎరుపు వచ్చేదాకా ఉంచితే పిప్పి అవుతుంది.

8. అరకిలో కీమా, మొదటి నుంచి చివరిదాకా

పైన చెప్పినవన్నీ ఒక్క వంటలో చూడండి. అరకిలో గరుకు మేక కీమా తీసుకుని, వండే ముందు పావుగంట పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో ఉంచండి, పైతడి ఆరుతుంది.

రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి మూడు పెద్ద చెంచాల నూనెలో ఎర్రగా వేయించి తీసేయండి. పావుగంట పడుతుంది. అదే నూనెను పెద్ద మంట మీద కాగనిచ్చి సగం కీమా విదిల్చి, పరచండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తిరగేసి, గడ్డలు అదిమి, చిటచిట వచ్చి ఎర్రబడేదాకా మరో అయిదారు నిమిషాలు వేయించండి. దాన్ని పళ్ళెంలోకి తీసి, కావాలంటే ఒక చెంచా నూనె వేసి రెండో వాయి అలాగే చేయండి.

ఇప్పుడు మంట తగ్గించండి. పెనంలో మూడు లవంగాలు, రెండు యాలకులు, చిన్న దాల్చిన చెక్క, పావు చెంచా షాజీరా వేయండి. ముందే వేస్తే పెద్ద మంటకు మాడిపోయేవి. తర్వాత పెద్ద చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. ఆ ముద్దలోని తడికి అడుగున అంటిన పెచ్చు వదులుతుంది, గీకి కలుపుకోండి. పసుపు, చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, ఉప్పు వేసి, కీమా రెండు వాయిలూ, ఉల్లిపాయలూ కలిపేయండి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. ఇంత కష్టపడి నీళ్ళు పోగొట్టి, మళ్ళీ నీళ్ళు పోయాలా? పోయాలి. మేక మాంసం వేగినంత మాత్రాన మెత్తబడదు, దానికి తడివేడి కావాలి. ఒకసారి ఎర్రబడిన మాంసానికి నీళ్ళు పోసినా ఆ రంగు, రుచి పోవు, రసంలోకి దిగుతాయి. చిన్న గ్లాసు వేడినీళ్ళు పోసి, ఇప్పుడు మూత పెట్టి, సన్నమంట మీద ఇరవై, పాతిక నిమిషాలు మగ్గనివ్వండి. ఒక పలుకు నోట్లో వేసుకుంటే పంటికింద సాగకూడదు. సాగితే ఇంకో పది నిమిషాలు.

మూత తీసి, మంట పెంచి, అయిదారు నిమిషాలు ఆ తడి ఇగరబెట్టండి. అయిందో లేదో చూడటానికి గరిటెతో నడుమ ఒక గీత గీయండి. గీతలోకి పల్చటి నీరు వస్తే ఇంకా కాలేదు. గీత నిలబడి నూనె మాత్రమే జారితే అయింది. చిటికెడు గరం మసాలా, చీల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా వేసి దించి, నిమ్మకాయ పిండండి. టమాటా వేయలేదేమిటని అడగకండి. పక్కన చింతపండు, నువ్వుల ఖట్టా ఉంది, పులుపు అది చూసుకుంటుంది. మెంతికూర కలపాలనుకుంటే విడిగా వేయించి, పచ్చి బఠాణీ అయితే విడిగా ఉడికించి, వాడ్చి, చివర్లో కలపండి.

మా మనవరాలు అడిగింది: "కుక్కర్లో మూడు విజిల్స్ వేయిస్తే అరగంట మిగులుతుంది కదా అమ్మమ్మా?" కుక్కరు ఆవిరిని లోపలే బిగించి ఉంచే పాత్ర. పచ్చి కీమా అందులో వేస్తే ఊరిన నీళ్ళు పోవు, మాంసం అడుగున ఒకే దిమ్మగా పట్టుకుంటుంది. వాడాలనుకుంటే పెనంలో వేయించిన తర్వాత, మగ్గించే దశకు మాత్రమే, అర గ్లాసు నీళ్ళతో రెండు విజిల్స్ వాడండి. అప్పటికే కుక్కర్లో ముద్ద చేసుకున్నవాళ్ళు నీళ్ళతోపాటు మరిగిస్తూ కూచోవద్దు. చిల్లుల గిన్నెలో వాడ్చి, నీళ్ళు వేరే గిన్నెలో పట్టుకోండి. మాంసాన్ని పప్పుగుత్తితో విడదీసి, కాగిన పెనంలో కొద్దికొద్దిగా వేయించండి. పట్టుకున్న నీళ్ళను విడిగా పావు గ్లాసుకు మరిగించి చివర్లో పోసి ఇగరబెట్టండి. మొదటినుంచీ వేయించినంత బాగా రాదు, కానీ ముద్దగా తినే అవసరం తప్పుతుంది.

అరకిలో మాంసం వండాక గిన్నెలో అంత మిగలదు. దాదాపు పావువంతు బరువు తగ్గుతుంది. నలుగురికి సరిపోవాలంటే ఆ లెక్కతోనే కొనండి. కారం, మసాలా కొలతలు మీ ఇంటి అలవాటు ప్రకారం మార్చుకోండి, అభ్యంతరం లేదు. ఉప్పు, అల్లం, నీళ్ళు మాత్రం కీమా ఎర్రబడ్డాకే పడాలి, ఆ వరుస మార్చకండి.